పాట గట్టిగా పెడితే మాట వినని వాల్యూమ్ బటన్: టచ్ స్టీరియోతో రెండేళ్లు

మా హ్యాచ్‌బ్యాక్ 2012 నాటిది. రెండేళ్ల క్రితం దాని పాత స్టీరియో తీసేసి తొమ్మిది అంగుళాల టచ్‌స్క్రీన్ పెట్టించాను. తెర ఎంత మెరుగ్గా ఉంది, మ్యాపు ఎలా కనిపిస్తుంది అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నాకు అన్నిటికంటే ముఖ్యం స్టీరింగ్ మీది బటన్లు. నెలకు రెండుసార్లు విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లి వస్తాను. లారీల మధ్య నడుపుతూ తెర మీద వేలు ఎక్కడ పెట్టాలా అని వెతకడం నాకు ఇష్టం లేదు. బొటనవేలి కింద వాల్యూమ్ బటన్ ఉండాలి, నొక్కితే అది చెప్పినట్టు వినాలి.

బిగించేటప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే, కారు వైరు ఒక్కటి కూడా కోయకూడదు. అందుకే కారు కప్లర్‌కు సరిపోయే అడాప్టరు కిట్ కొన్నాం. ఒక వైపు కారు సాకెట్, మరో వైపు కొత్త స్టీరియో సాకెట్. స్టీరింగ్ బటన్ల కోసం స్టీరియో వెనుక KEY1, KEY2 అని రాసిన రెండు సన్నని వైర్లు ఉంటాయి. బటన్లకు కారు నుంచి వచ్చే వైరును KEY1కి కలిపి, తెర మీద ఒక్కో బటన్‌ను నేర్పించారు. పది నిమిషాల్లో పని అయిపోయింది. పాత బటన్లు కొత్త స్టీరియోను నడిపిస్తుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మొదటి నెల కనిపించిన ప్రతి ఒక్కరికీ ఈ కిట్ కొనమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

రెండో నెలలో, సూర్యాపేట దాటాక, పాట గట్టిగా వస్తోందని వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కాను. శబ్దం తగ్గలేదు, తర్వాతి పాట మొదలైంది. మళ్లీ నొక్కితే మరో పాట. ఊళ్లోకి వచ్చి నెమ్మదిగా పాట పెట్టుకుంటే అదే బటన్ చక్కగా పనిచేసింది. బిగించిన చోటికి తీసుకెళ్తే, "బటన్లు మళ్లీ నేర్పిస్తే సరిపోతుంది సార్" అన్నారు. నేర్పించారు. మళ్లీ హైవే ఎక్కగానే అదే తంతు. మూడుసార్లు అలాగే జరిగింది. మూడోసారి "మీ కారు బటన్లు పాతబడ్డాయి, స్టీరింగ్ లోపలి భాగం మార్చాలి" అన్నారు. అది చిన్న ఖర్చు కాదు.

మార్చడానికి ముందు ఆటోనగర్‌లో పాత వైరింగ్ పనులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన తెర జోలికి పోలేదు. "స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పుతూ బటన్ నొక్కు బాబూ" అన్నారు. చక్రం తిరిగినా బటన్లకు కరెంటు అందించేది దాని లోపల చుట్టలా ఉండే పట్టీ వైరు. అది అరిగితే చక్రాన్ని కొన్ని కోణాల్లో తిప్పినప్పుడు బటన్ తప్పు చెబుతుంది. మా దాంట్లో ఏ కోణంలోనూ తేడా రాలేదు. అప్పుడు "ఇంజను ఆన్ చేసి పాట బాగా గట్టిగా పెట్టు" అన్నారు. వెంటనే తప్పు దొరికింది.

కారణం అర్థం కావాలంటే ఈ బటన్లు ఎలా మాట్లాడతాయో చూడాలి. మాలాంటి పాత కార్లలో ఒక్కో బటన్‌కు ఒక్కో వైరు ఉండదు. అన్నీ ఒకే వైరు మీద ఉంటాయి. ఒక్కో బటన్ వెనుక ఒక్కో విలువ రెసిస్టరు ఉంటుంది. స్టీరియో ఆ వైరు మీద చిన్న వోల్టేజీ నిలిపి ఉంచుతుంది. బటన్ నొక్కితే అది రెసిస్టరు గుండా ఎర్త్‌కు, అంటే కారు లోహపు బాడీకి, చేరి కొంత పడిపోతుంది. ఎంతకు పడిందో కొలిచి, ఇది ఫలానా బటన్ అని స్టీరియో గుర్తుపడుతుంది. నేర్పించడమంటే ఆ అంకెను దాని చేత గుర్తుపెట్టించడమే. మా కారులో వాల్యూమ్ తగ్గించే బటన్‌కూ తర్వాతి పాట బటన్‌కూ మధ్య తేడా దాదాపు పావు వోల్టు.

స్టీరియో ఈ అంకెను కొలిచేది తన ఎర్త్ నుంచి. మా కారులో బటన్ల ఎర్త్ నేరుగా బాడీకి వెళ్తుంది, స్టీరియో ఎర్త్ అడాప్టరు గుండా వెళ్తుంది. పెద్దాయన మల్టీమీటరు సూది ఒకటి స్టీరియో లోహపు పెట్టెకూ, రెండోది డాష్‌బోర్డు కింద రంగు లేని బోల్టుకూ ఆనించారు. పాట ఆపినప్పుడు 0.04 వోల్టు. గట్టిగా పెట్టినప్పుడు పాట దరువుకు తగ్గట్టు ఎగురుతూ 0.3 దాకా పోయింది. అంటే స్టీరియో నిలబడిన నేలే పైకి లేస్తోంది. అందులో సగానికి కొంచెం పైగా బటన్ అంకెలోంచి తగ్గుతుంది. పావు వోల్టు తేడాలో సగం దాటి జరిగితే పక్క బటన్ అని స్టీరియో పొరబడక ఏం చేస్తుంది?

విప్పి చూస్తే అడాప్టరు నల్ల వైరు కప్లర్‌లో కలవలేదు. కారు ఎర్త్ వైరుకు మెలిపెట్టి టేపు చుట్టారు. వేసవి వేడికి టేపు జిగురు కరిగి, మెలిక వదులై, నాలుగైదు పోగులు మాత్రమే అంటుకుని ఉన్నాయి. పాట నెమ్మదిగా ఉంటే వాటి మీదుగా వెళ్లే కరెంటు తక్కువ కాబట్టి తప్పు బయటపడలేదు. గట్టిగా పెట్టినప్పుడు నాలుగు ఆంపియర్లు లాగితే 0.08 ఓము నిరోధం చాలు, 0.3 వోల్టు పోవడానికి. బిగించిన చోట ఎప్పుడు నేర్పించినా ఇంజను ఆపి, పాట ఆపి నేర్పించారు. అందుకే ప్రతిసారీ అంతా బాగున్నట్టే కనిపించింది. వైరు కోయకూడదన్న నా షరతును ఆ మెలికతో నెరవేర్చారన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. స్టీరింగ్ భాగం మార్చమని చెప్పడం అంతకంటే బాధ.

పెద్దాయన స్టీరియో నల్ల వైరుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు టంకం వేసి, చివర లగ్గు బిగించి, డాష్‌బోర్డు కింద బాడీ బోల్టు దగ్గర రంగు గీకి పట్టించారు. అదే పాటకు 0.05 దాటలేదు. తర్వాత ఇంజను నడుస్తుండగా, పాట మధ్యస్థంగా పెట్టి బటన్లన్నీ నేర్పించారు. ఇరవై నెలలైంది, ఒక్కసారి కూడా తప్పు రాలేదు. అంతకుముందు ఇంజను వేగం పెరిగే కొద్దీ స్పీకర్లలో వినిపించిన సన్నని కూత కూడా పోయింది. అది కూడా ఈ ఎర్త్ గొడవేనని అప్పుడే తెలిసింది.

కాబట్టి మీ కారులో బటన్లు తడబడితే, పాట ఆపినప్పుడూ గట్టిగా ఉన్నప్పుడూ నొక్కి చూడండి. తేడా వస్తే బటన్ల కంటే ముందు ఎర్త్‌ను అనుమానించాలి. తాళం తీసిన ప్రతిసారీ నేర్పించిన బటన్లతో సహా అన్నీ చెరిగిపోతుంటే అది వేరే తప్పు. బ్యాటరీ నుంచి నేరుగా రావలసిన పసుపు వైరు, తాళంతో వచ్చే ఎర్ర వైరు తారుమారయ్యాయేమో చూడమనాలి.

ఇంతకీ కొనమంటానా? నాలా దూరం నడిపేవాళ్లకు, కారులో రెసిస్టరు రకం బటన్లు ఉన్నవాళ్లకు కొనమనే అంటాను, పైన చెప్పిన ఎర్త్ పని మొదటి రోజే చేయించుకునేటట్టయితే. బటన్ల సందేశాలు క్యాన్ బస్ అనే డిజిటల్ లైను మీద వచ్చే కార్లకు KEY1 వైరు పనికిరాదు, ఆ సందేశాలను చదివే డీకోడరు పెట్టె విడిగా కావాలి. వాటితో నాకు అనుభవం లేదు. ఊళ్లోనే తిరిగేవాళ్లకు ఇది అంత అవసరమని చెప్పలేను. కారు నాలుగైదు రోజులు కదలకుండా ఉంటే తెర మేలుకోవడానికి అర నిమిషం పడుతుంది. అంతవరకు బటన్లు పనిచేయవు. నా భార్య ఊళ్లో నడిపేటప్పుడు ఆ అర నిమిషమే ఆమెకు చిరాకు. నేను మాత్రం కారు బయటికి తీసి, గేటు వేసి వచ్చేలోపు అది మేలుకునే ఉంటుంది.