హైడల్‌బెర్గ్ వెళ్లేముందు మామగారి ఫైలు

మా మామగారికి వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి దగ్గర కార్డోమా అనే అరుదైన క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్ చేస్తే నడక, మూత్రం మీద పట్టు పోయే ప్రమాదముందన్నారు. అందుకే కార్బన్ అయాన్ అనే ఒక రకం రేడియేషన్ చికిత్స కోసం జర్మనీలోని హైడల్‌బెర్గ్ యూనివర్సిటీ ఆసుపత్రికి రాశాం. అక్కడి అయాన్ చికిత్స కేంద్రం 2009 నుంచి నడుస్తోంది.

మొదట చేసిన తప్పు 140 పేజీల ఫైలు మొత్తాన్ని జర్మన్‌లోకి మార్పించబోవడం. హైదరాబాద్‌లో ఒక అనువాద సంస్థ పేజీకింత అని లెక్కగట్టి, నోటరీ కూడా కలిపి పెద్ద బిల్లే చెప్పింది. అడ్వాన్సు కట్టాక ఆసుపత్రి విదేశీ రోగుల విభాగానికి మెయిల్ పెట్టాం. ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టే చాలన్నారు. అడ్వాన్సు తిరిగి రాలేదు. ముందే అడగాల్సింది.

అనువదించాల్సింది ఒక్కటే తేలింది. మామగారు ఊళ్లో వైద్యుడి దగ్గర ఏడాదిగా వాడుతున్న చూర్ణం, తెలుగు చీటీతో సహా. అందులో భస్మాలున్నాయి, అంటే లోహాలు. లివర్, కిడ్నీ పరీక్షలు చూసే డాక్టరుకి అది తెలియాలి. నేనే ఇంగ్లీషులో రాసి, చీటీ ఫొటో జత చేశా. దానికి ఏ స్టాంపూ అడగలేదు.

అసలు టెన్షన్ ఎంఆర్ఐ సీడీతో. పంపిన వారానికి "చిత్రాలు పనికిరావు" అని జవాబు. తెరిచి చూస్తే 12 జేపీజీ ఫొటోలు! రేడియేషన్ ప్లాన్ వేయాలంటే స్కాన్ మెషిన్ ఇచ్చే అసలు ఫైళ్లు, అంటే డైకామ్ రూపంలో అన్ని స్లైసులూ కావాలి. సరైన సీడీలో వందల ఫైళ్లుంటాయి, మామూలుగా `DICOMDIR` అనే పేరూ కనిపిస్తుంది. స్కాన్ సెంటర్‌కి మళ్లీ వెళ్తే పది నిమిషాల్లో రాసిచ్చారు, అదీ ఫ్రీగా.

తర్వాత పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బయాప్సీ రిపోర్టులో ఒక్క అక్షరం, పుట్టినతేదీ బదులు "61/M". అక్కడ మనిషిని పేరుతో పాటు పుట్టినతేదీతో గుర్తిస్తారు. ల్యాబుతో పోట్లాడకుండా, రెండు పేర్లూ ఒకరివేనని మా ఆంకాలజిస్టు లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాం. సారాంశం కూడా ఆయనే ఒక పేజీలో రాశారు: ఎప్పుడు నొప్పి మొదలైంది, బయాప్సీ తేదీ, కార్డోమాని గుర్తుపట్టే బ్రాకియూరీ పరీక్ష పాజిటివ్, మందులు బ్రాండ్ పేరుతో కాకుండా మందు పేరు, మిల్లీగ్రాములతో. మొదట ఆ పేజీ పంపి, మిగతావి అడిగినప్పుడు ఇచ్చుంటే నెల కలిసొచ్చేది.

బయాప్సీ ముక్కని మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకు మాత్రం చేతిసంచిలోనే తీసుకెళ్లాం. మే ఎండకి కారులో వదిలితే మైనం మెత్తబడుతుందని మా ఆవిడ ఆ డబ్బా ఒళ్లోంచి దించలేదు.

బస ఆసుపత్రి క్యాంపస్ దగ్గర చిన్న అపార్ట్‌మెంట్‌లో. వంటగది ఉండటం వల్ల 16 విడతల చికిత్సా పప్పన్నంతోనే గడిచింది.