రెండు కాలమ్‌ల స్క్రిప్టు: చాలాకాలం వాడాక

పాఠాల వీడియోలకు నేను వాడేది రెండు కాలమ్‌ల స్క్రిప్టే. ఎడమవైపు తెరమీద కనిపించేది, కుడివైపు వినిపించేది రాస్తాం. పట్టిక గీయడం క్షణాల్లో పని. అడ్డవరుసను ఎక్కడ తెంచాలో తెలిస్తేనే ఇది ఉపయోగపడుతుంది.

ప్రతి పున్నమికీ చంద్రగ్రహణం ఎందుకు రాదో చెప్పే పాఠం తీసుకుందాం. కుడివైపు ఇలా ఉంది: "చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యాతలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే చాలా పున్నములకు చంద్రుడు భూమి నీడకు పైగానో కిందుగానో వెళ్లిపోతాడు." ఎడమవైపు "సూర్యుడు, భూమి, చంద్రుడి యానిమేషన్" అని మాత్రమే రాస్తే, బొమ్మలు వేసేవారు పైనుంచి చూసినట్టు గీసేస్తారు. అలా చూస్తే వాలు కనిపించదు. మూడూ ఒకే గీతమీద ఉన్నట్టుంటాయి. చూసేవాళ్లకు మాట ఒకటి, బొమ్మ ఇంకొకటి.

దీన్ని మూడు వరుసలు చేయాలి. మొదటి వరుసలో వాలు గురించిన వాక్యం. ఎడమవైపు "పక్కనుంచి చూపు, భూమి కక్ష్యాతలం అడ్డగీత, చంద్రుడి కక్ష్య ఏటవాలు గీత, '5 డిగ్రీలు' అన్నప్పుడే తెరమీద 5° రావాలి, వాలు పెంచి గీశామని చిన్న అక్షరాల్లో ఉండాలి" అని రాస్తాను. రెండో వరుసలో చంద్రుడు నీడకు పైగా కదలడం మొదలవుతుంది, రెండో వాక్యం వినిపిస్తుంది. మూడో వరుసలో కుడివైపు "నిశ్శబ్దం, 2 సెకన్లు" అని ఉంటుంది. చంద్రుడు నీడ దాటడం అప్పటికి పూర్తవుతుంది. ఈ ఖాళీని చాలామంది రాయరు. నాకైతే ఈ ఫార్మాట్‌లో అన్నిటికన్నా విలువైనది అదే. రాయకపోతే ఎడిటింగ్‌లో తర్వాతి వాక్యం వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది.

వరుస రాయగానే కుడివైపు భాగాన్ని రికార్డింగ్‌లో చదివే వేగంతోనే పైకి చదివి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, సెకన్లు పక్కన వేసుకోవాలి. మనసులో చదివితే లెక్క తక్కువ వస్తుంది. మాట 9 సెకన్లు, కదలిక 4 సెకన్లు అయితే మిగతా 5 సెకన్లు బొమ్మ కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు కదలికను సాగదీయడం కన్నా వాక్యం తగ్గించడం లేదా వరుసను రెండుగా తెంచడం మేలు. గొంతు రికార్డయ్యాక ఈ అంకెల్ని అసలు నిడివితో మార్చాలి, లేకపోతే యానిమేషన్ పాత లెక్కతోనే తయారవుతుంది.

తెరమీది రాత విషయంలోనూ జాగ్రత్త పడాలి. కుడివైపు వాక్యాన్నే ఎడమవైపు మొత్తంగా దింపితే, చూసేవాళ్లు చదవడంలో పడి బొమ్మను వదిలేస్తారు. 5° చాలు.

వర్డ్ ప్రాసెసర్‌లో పట్టిక గీస్తే, వరుస రెండు పేజీల మధ్య విరగకుండా సెట్టింగ్ మార్చుకోండి. విరిగిన వరుసలో ఏ మాటకు ఏ బొమ్మో తెలియదు.

చేత్తో చేసి చూపే ప్రయోగాలకు మాత్రం ఇది ముందుగా అంతగా పనికిరాదు. ద్రావణం రంగు ఎన్ని సెకన్లలో మారుతుందో స్క్రిప్టు శాసించలేదు. అక్కడ ఎడమ కాలమ్‌లో షాట్ల జాబితా మాత్రమే రాసి, చిత్రీకరణ అయ్యాక ఆ నిడివికి తగ్గట్టు కుడి కాలమ్ నింపుతాను.