ఆరేళ్లుగా ఇదే పద్ధతి: వస్తువు తూచడం, పట్టికలో రాయడం, పెట్టె కేటాయించడం

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. 2019 నుంచి ఇప్పటి దాకా మేమిద్దరం, మా వియ్యంకులు కలిపి ఏడుసార్లు వెళ్లొచ్చాం. ఏడుసార్లూ సర్దింది నేనే. మొదటిసారి అందరూ చేసేదే చేశాను. పెట్టెలు నింపేసి, మా వారు చేత్తో ఎత్తి చూసి "ఇరవై రెండు ఉంటుందిలే" అంటే నమ్మేశాను. శంషాబాద్‌లో కౌంటరు దగ్గర ఒక పెట్టె 25.6 కిలోలు చూపించింది, పక్కది 20.3. రెండూ కలిపితే 46 లోపేగా అన్నాను. అలా కలపరట, పెట్టెకి 23 అంటే ఆ పెట్టెకే 23. నేల మీద పెట్టెలు తెరిచి, వెనక క్యూ అంతా చూస్తుండగా ఆవకాయ ప్యాకెట్లు ఇందులోంచి అందులోకి మార్చాం. మా వారి లుంగీలు కూడా జనమంతా చూశారు.

ఇంటికి రాగానే రెండు తూకాలు కొన్నాను. ఒకటి వంటింట్లో పెట్టే పది కిలోల డిజిటల్ కాటా. రెండోది పెట్టె పిడికి తగిలించి ఎత్తే కొక్కెం కాటా. వీటికి గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక తోడైంది. ఈ మూడింటి గురించే ఈ సమీక్ష.

పట్టిక చాలా చిన్నది. మొదటి గడిలో వస్తువు, రెండో దాంట్లో అది ఎవరిది, మూడో దాంట్లో గ్రాముల్లో బరువు, నాలుగో దాంట్లో ఏ పెట్టె, ఐదో దాంట్లో టిక్కు పెట్టే గడి. పెట్టెలకి ఒకటి, రెండు అని కాకుండా రంగులతో పేర్లు పెట్టాను: నీలం, మెరూన్, నలుపు, డబ్బా. డబ్బా అంటే అట్టపెట్టె. అంకెలు పెడితే "మూడోది ఏదే?" అని ప్రతిసారీ అడుగుతారు, రంగు చెబితే ఎవరూ అడగరు. పక్కన ఖాళీగా ఉన్న ఒక గడిలో ఈ సూత్రం ఉంటుంది, పెట్టెకి ఒకటి చొప్పున:

```
=SUMIF(D:D,"నీలం",C:C)/1000
```

నాలుగో గడిలో రంగు మార్చగానే రెండు పెట్టెల మొత్తాలూ మారిపోతాయి. సామాను కదపకుండానే సర్దుబాటు తేలిపోతుంది. పెట్టెలు నాలుగైదుసార్లు విప్పి కట్టడం ఎంత నరకమో తెలిసినవాళ్లకి ఈ ఒక్కటి చాలు.

ఇందులో అందరూ మరిచిపోయే వరస ఒకటుంది. అది ఖాళీ పెట్టె బరువు. గట్టి ప్లాస్టిక్ పెట్టె నీలం 4.62 కిలోలు, మెరూన్ 4.38, గుడ్డ పెట్టె నలుపు 3.15, టేపుతో సహా అట్టడబ్బా 0.94. నాలుగూ కలిపి 13 కిలోలు దాటింది. నేను పెట్టెకి 23 పెట్టుకోను, 22.5 పెట్టుకుంటాను. అంటే 90 లోంచి 13.09 పోగా సామానుకు దక్కేది 76.9 కిలోలే. "నాలుగింటికీ ఇరవై మూడు, తొంభై రెండు కిలోలు" అని ఊహల్లో ఉన్నవాళ్లకి పదిహేను కిలోలు గాల్లో కలిసిపోయినట్టే.

22.5 ఎందుకంటే, కారణాలు రెండు. వస్తువుల బరువులు కూడితే వచ్చే మొత్తానికీ, పెట్టె మూశాక కాటా చూపించేదానికీ ఎప్పుడూ రెండు వందల నుంచి మూడు వందల గ్రాముల తేడా ఉంటుంది. తాళం, కవర్లు, సీసాల చుట్టూ చుట్టిన పేపర్లు, టేపు, వీటిని ఎవరు తూస్తారు? రెండోది తిరుగు ప్రయాణంలో తెలిసింది. అక్కడి కౌంటర్ల మీద పౌండ్లు కనిపిస్తాయి, పరిమితి 50 అని రాసి ఉంటుంది. 50 పౌండ్లంటే 22.68 కిలోలు. సరిగ్గా 23 కిలోలు పెట్టుకుంటే అక్కడ 50.7 చూపిస్తుంది. ఆ ముప్పావు పౌండు చూసీ చూడనట్టు వదిలేస్తారా, తీయమంటారా అన్నది కౌంటర్లో కూర్చున్న మనిషిని బట్టి. కాటా మీద 22.5 అయితే 49.6, ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

ఇప్పుడు కాటాల సంగతి. వంటింటి కాటాతో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చేసుకుని చీరలు, ప్యాకెట్లు అన్నీ తూచేస్తాను. కొక్కెం కాటాలు మాత్రం రెండు మార్చాల్సి వచ్చింది. మొదటిదాన్ని కిలో పంచదార ప్యాకెట్‌తో పరీక్షిస్తే సరిగ్గానే చూపించింది. అసలు తప్పు పెద్ద బరువు దగ్గర బయటపడింది. 2022 జులైలో ఇరవై ఐదు కిలోల దాకా ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ వచ్చాక మా కొట్లో ఇరవై ఆరు కిలోల బస్తాలు మొదలయ్యాయి కదా, అది తెచ్చినరోజు సరదాకి కాటాకి తగిలించాను. గోనెతో కలిపి ఇరవై ఆరు పైన ఉండాల్సింది 25.5 చూపించింది. అంటే నేను 23 అనుకున్న పెట్టె నిజంగా 23న్నర. ఆ కాటాతో ఒకసారి గట్టెక్కామంటే అదృష్టం. కొత్తది 26.1 చూపిస్తుంది. కాటా కొంటే మీ ఇంట్లో ఉన్న అతిపెద్ద, బరువు తెలిసిన బస్తాతోనే పరీక్షించండి. ఇంకో మాట, ఎత్తాక పెట్టె ఊగుతుంటే అంకె ఆగదు. కదలకుండా పట్టుకుంటేనే అది బీప్ అని నిలబడుతుంది. ఇరవై మూడు కిలోలు కదలకుండా పట్టుకోవడం నా వల్ల కాదు, అది మా వారి పని. నడుంనొప్పి ఉన్నవాళ్లు ఇద్దరు పట్టుకోవాలి.

పోయిన ప్రయాణం లెక్క చెబుతాను. అమ్మాయికి పురుడు, మేమిద్దరం ఆరు నెలలు ఉండాలి. పట్టికలో ఖాళీ పెట్టెలు కాకుండా సామాను మొదటి మొత్తం 83.6 కిలోలు వచ్చింది, అంటే 6.7 తగ్గించాలి. బరువు ఎక్కువున్నవి పైకి వచ్చేలా వరస మార్చి చూస్తే దోషులు వెంటనే దొరికారు. స్టీలు కుక్కర్ 2.4 కిలోలు, అక్కడే కొనుక్కోవచ్చు. పచ్చళ్లు పోసిన నాలుగు గాజు సీసాలు, ఉత్త సీసాలే 1.8 కిలోలు! పచ్చడి కొట్టువాళ్ల దగ్గరకి తీసుకెళ్తే అమెరికా ప్యాకింగ్ అని రెండు పొరల కవర్లలో సీలు వేసి ఇచ్చారు, ఒక్కో కవరు యాభై గ్రాములు కూడా లేదు. ఇత్తడి దీపాలు 1.3, మా వారి పాత పత్రికలు 1.4. మొత్తం 6.9 తీసేశాం. దీపాల దగ్గర మా అత్తయ్య అడ్డం తిరిగారు.

"పురిటింట్లో దీపం లేకపోతే ఎలాగే?"

"చిన్నవి రెండు వెండివి పెట్టానత్తయ్యా, నూట ఇరవై గ్రాములే."

"గ్రాములు చూసి దేవుడికి దీపం పెడతారా మీరు!" అన్నారు. అయినా ఒప్పుకున్నారు.

తర్వాత పంపకం. నేను మొదట్లో చేసిన తప్పు పచ్చళ్లన్నీ ఒకే పెట్టెలో పెట్టడం. పచ్చడి, పొడులు, స్టీలు చోటు తక్కువ తీసుకుని బరువు తూగుతాయి. పెట్టె సగం కూడా నిండదు, బరువు అయిపోతుంది. చీరల పెట్టె మూత పడదు, బరువు పద్దెనిమిదే ఉంటుంది. అందుకే ఇప్పుడు ప్రతి పెట్టెకీ కొన్ని బరువువి, కొన్ని బట్టలు. ఇది పట్టిక చెప్పదు. పట్టికకి బరువు తెలుసు గానీ చోటు తెలీదు. అదే దీనికున్న పెద్ద లోటు. మొత్తం అంకెలన్నీ కలిశాక కూడా దుప్పటి పట్టక బయటికి వచ్చిన సందర్భాలున్నాయి.

అలా పంచితే నీలం 23.81, మెరూన్ 21.13 వచ్చాయి. నీలంలోంచి కనీసం 1.31 తీయాలి, మెరూన్‌లో 1.37కి మించి పట్టదు. ఆ మధ్యలో ఉన్న వస్తువు ఏదని పట్టికలో వెతికితే ఇడ్లీ పళ్లేల స్టాండు 1.32. రంగు మార్చాను. నీలం 22.49, మెరూన్ 22.45. నలుపు 22.41, డబ్బా 22.44. పెట్టెలు సర్దాక కొక్కెం కాటా నీలాన్ని 22.74 చూపించింది, విమానాశ్రయంలో 22.8.

కాగితం మీద ఇంత బాగున్న పద్ధతి ఒకసారి నన్ను ముంచింది కూడా. మూడో ప్రయాణంలో రాత్రి పదకొండుకి ఫోన్లో కంది పొడి ప్యాకెట్లకి రంగు మార్చి పడుకున్నాను. పొద్దున పెట్టెలో మార్చడం మరిచిపోయాను. పట్టికలో మారింది, పెట్టెలో మారలేదు. అప్పటినుంచి ఒకటే నియమం. రంగు మారిస్తే టిక్కు కూడా తీసేయాలి, వస్తువు చేత్తో ఆ పెట్టెలో పెట్టాకే మళ్లీ టిక్కు. టిక్కు పడినవాటి మొత్తం వేరే సూత్రంతో చూసుకుంటాను:

```
=SUMIFS(C:C,D:D,"నీలం",E:E,TRUE)/1000
```

రెండు మొత్తాలూ ఒకటైతేనే పెట్టెకి తాళం. ఆ తర్వాత పక్కింటివాళ్లు "మా అబ్బాయికి ఇది కాస్త ఇవ్వరా" అని తెచ్చే పొట్లాలు కూడా పట్టికలో ఎక్కాకే పెట్టెలోకి. ఐదో ప్రయాణంలో మొహమాటానికి దూర్చిన అరిసెల పొట్లం వల్ల డబ్బా 24.1 వచ్చింది.

చేతి సామాను విషయంలో తూకం ఇంకా పదునుగా ఉండాలి. మేం వెళ్లిన విమానంలో ఏడు కిలోలే. మా చక్రాల చిన్నపెట్టె ఖాళీదే 2.6 కిలోలు, మిగిలేది 4.4. దాన్ని మూలన పడేసి 700 గ్రాముల గుడ్డ బ్యాగు కొన్నాం. మందులు, బంగారం, పవర్ బ్యాంకు ఎటూ అందులోనే ఉండాలి. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెల్లో పెట్టకూడదు కాబట్టి దానికి పట్టికలో ఎర్రరంగు వేసి ఉంచాను, ఎవరూ మార్చకుండా.

మా వియ్యంకులకి ఎదురైంది కూడా చెప్పాలి. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు హైదరాబాద్ నుంచి విశాఖకి విమానం టికెట్ విడిగా కొన్నారు. విడి టికెట్టు కాబట్టి దానికి దేశీయ నియమమే, మనిషికి 15 కిలోలు. నాలుగు పెట్టెల్లో మూడింట రెండొంతుల బరువుకి అదనపు డబ్బు అడిగితే, సామాను కారులో పంపి వాళ్లు విమానంలో వెళ్లారు. నేను పట్టిక ఎంత చక్కగా చేసినా పరిమితి గడిలో తప్పు అంకె వేస్తే చేసేదేమీ లేదు. ఇప్పుడు పై వరసలో ప్రతి టికెట్టుకీ దాని పరిమితి విడిగా రాస్తాను, టికెట్ మీద ఉన్నది చూసి.

సమయం సంగతి దాచను. మొదటిసారి అన్నీ తూచి ఎక్కించడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు రెండు గంటలు కూడా పట్టదు, ఎందుకంటే పట్టుచీర, ఇడ్లీ స్టాండు, శాలువా బరువులు ఆరేళ్ల నాటివే, మళ్లీ తూచక్కర్లేదు. పచ్చళ్లూ పిండివంటలూ మాత్రమే కొత్తగా తూస్తాను. రెండ్రోజుల పెళ్లికి ఒక పెట్టెతో వెళ్లేవాళ్లకి ఇదంతా అనవసరం, కొక్కెం కాటా ఒక్కటి చాలు. నాలుగు పెట్టెలు, ఇద్దరు మనుషులు, ఆరు నెలలు అయితే మాత్రం ఈ పట్టిక లేకుండా నేను సర్దను. వచ్చే ఫిబ్రవరి ప్రయాణానికి పాతదాన్ని నకలు తీసి పెట్టాను. మా అత్తయ్య అప్పుడే ఫోన్ చేసి ఈసారి ఇత్తడి దీపాలకి ముందే వరస వేయించుకున్నారు, 1300 గ్రాములు, మెరూన్.