మూసిన టీజరా, సగం తెరిచిన టీజరా?

కిరాణా కొట్ల అరువు ఖాతా రాసుకునే కొత్త యాప్ వారంలో విడుదలవుతోంది అనుకుందాం. మొదటి పద్ధతిలో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద "ఏదో రాబోతోంది, ఇంకా 5 రోజులే" అని పోస్టు పెడతారు. రెండో పద్ధతిలో నూనె మరకలున్న ఖాతా పుస్తకం పేజీ ఫోటో పెట్టి, "ఇందులో ఒక బాకీ రెండుసార్లు రాశారు, కనిపెట్టండి" అని అడుగుతారు. యాప్ పేరు, స్క్రీన్ మాత్రం దాస్తారు.

ఇప్పటికే అభిమానులున్న కంపెనీకైతే మొదటిది చాలు, జనమే ఊహాగానాలు చేస్తారు. ఎవరికీ తెలియని యాప్‌కు నా ఓటు రెండోదానికే. ఆ పేజీ చూసిన కొట్టు యజమాని అది తన సమస్యేనని వెంటనే గుర్తుపడతాడు. మొదటి పోస్టుకు లైకులొచ్చినా, అవి ఎక్కువగా స్నేహితులవే కావచ్చు.

తేడా తెలియాలంటే గూగుల్ ప్లేలో ప్రీ-రిజిస్ట్రేషన్ తెరిచి, ఒక్కో పోస్టుకు వేరే ట్రాకింగ్ లింకు ఇవ్వండి. కామెంట్లు పెరుగుతున్నా రిజిస్ట్రేషన్లు కదలకపోతే, కుతూహలం పుట్టింది కానీ అవసరం తెలియలేదన్నమాట. అప్పుడు మర్నాటి పోస్టులో ఒక స్క్రీన్ చూపించేయాలి. ప్రీ-రిజిస్ట్రేషన్ తెరిచాక 90 రోజుల్లోపు విడుదల చేయాలి కాబట్టి, తేదీ ఖాయం కాకుండా టీజర్లు మొదలుపెట్టొద్దు.