పుట్టిన బిడ్డకు డైపర్: ప్యాంపర్స్, హగ్గీస్, మామీపోకో, హిమాలయ – ఏది మేలు?

డైపర్ ప్యాకెట్ల మీద పెద్ద అక్షరాలతో కనిపించే "12 గంటల పొడిదనం" అన్న మాట నెల లోపు బిడ్డకు దాదాపు పనికిరాదు. తల్లిపాలు తాగే పసికందు రోజుకు నాలుగైదు సార్లు, కొందరైతే పాలు తాగిన ప్రతిసారీ, పలుచగా విరేచనం చేస్తారు. కాబట్టి మూత్రంతో డైపర్ నిండకముందే మలం వల్ల దాన్ని మార్చక తప్పదు. రోజుకు ఎనిమిది నుంచి పది డైపర్లు పట్టే ఈ దశలో పీల్చుకునే శక్తికి ఎక్కువ డబ్బు పెట్టడం కంటే తొడల దగ్గర సరిగ్గా అమరేదాన్నీ, చర్మానికి పడేదాన్నీ ఎంచుకోవడం తెలివైన పని.

పీల్చుకునే పని చేసేది లోపలి దూదిలాంటి గుజ్జులో కలిపిన సన్నని పలుకులు. తడి తగలగానే అవి జెల్లీలా ఉబ్బుతాయి. మంచినీటిని విపరీతంగా తాగే ఈ పలుకులు, ఉప్పు కలిసిన మూత్రాన్ని మాత్రం అందులో కొద్ది వంతే పట్టుకోగలవు. అందువల్ల ఇంట్లో పరీక్షించేవారు మామూలు నీళ్లు పోస్తే ప్రతి బ్రాండూ గొప్పగానే కనిపిస్తుంది. వంద మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో ఒక గ్రాము ఉప్పు కలిపి, ఐదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు, సారికి ఇరవై మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఆ తర్వాత మడిచిన టిష్యూను పైన ఉంచి అరచేత్తో నొక్కి చూడాలి. టిష్యూ ఎంత తడిస్తే బిడ్డ పిరుదులకు అంత తడి తగులుతుందన్నమాట. రెండు మూడు గంటల్లో పసికందు పోసే మూత్రం ఇంతకు మించదు కనుక, పేరున్న బ్రాండ్లలో లీకులు చాలావరకు సామర్థ్యం చాలక కాదు, తొడ దగ్గర సందు మిగలడం వల్లే వస్తాయి.

న్యూబార్న్ సైజు సాధారణంగా 5 కిలోల వరకు అని రాసి ఉంటుంది. 2.5 కిలోలతో పుట్టిన బిడ్డ సన్నని తొడలకు ఆ సైజులో ప్యాంటులా తొడిగే రకం వదులుగానే ఉంటుంది. నడుము దగ్గర బిగించుకోగల టేపు రకం అక్కడ నయం. ప్యాంపర్స్ యాక్టివ్ బేబీలో ఈ సైజుకు టేపు రకం దొరుకుతుంది. బొడ్డు ఊడే వరకు ముందు అంచును కిందికి మడిచి పెట్టడానికీ, పలుచని మలం కాళ్లకు అంటకుండా విప్పడానికీ అదే వీలు. తడిస్తే రంగు మారే గీత కొత్త తల్లులకు నిజంగా ఉపకరిస్తుంది. తడిసిందో లేదో చూడటానికి నిద్రపోతున్న బిడ్డను కదపనక్కర్లేదు.

చర్మం విషయంలో ప్యాంపర్స్ ప్రీమియం కేర్ కలబంద లోషన్‌ను, హిమాలయ కలబందతో పాటు యశదభస్మం అనే జింకు భస్మాన్ని, హగ్గీస్ నేచర్ కేర్ ఆర్గానిక్ పత్తిని ప్రచారం చేస్తాయి. బిడ్డ చర్మం సున్నితమైతే పూతలు, సువాసనలు ఎంత తక్కువుంటే అంత మంచిదని నా అభిప్రాయం. అయినా దద్దురు రాగానే బ్రాండు మార్చడం తొందరపాటు. ఉబ్బెత్తు భాగాలు ఎర్రబడి మడతలు మామూలుగా ఉంటే, మలమూత్రాలు ఎక్కువసేపు అంటుకుని ఉండటమే కారణం కావచ్చు. అప్పుడు త్వరగా మార్చడమే మందు. మడతల లోపలే ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, పిల్లల వైద్యునికి చూపించాలి. ఎలాస్టిక్ అంచు తగిలిన గీత వెంబడి మాత్రమే ఎర్రబడితే, అప్పుడు సైజునో బ్రాండునో అనుమానించవచ్చు.

ఖర్చు ప్యాకెట్ ధరతో కాక పీసు ధరతో లెక్కించాలి. ఆఫర్లను బట్టి ధరలు మారుతుంటాయి కనుక ఉదాహరణకు ఒకటి 14 రూపాయలు, మరొకటి 9 రూపాయలు అనుకుందాం. రోజుకు తొమ్మిది చొప్పున నెలకు 270 పీసులు. ఖరీదైనదే వాడితే 3,780, చవకది వాడితే 2,430. రాత్రి మూడు ఖరీదైనవి, పగలు ఆరు చవకవి వాడితే 1,260కి 1,620 కలిపి 2,880 అవుతుంది. పగటిపూట మూడు విడతలు మా అమ్మమ్మ చించిచ్చిన పాత నూలుచీర గుడ్డలు కడితే ఇంకో 810 మిగులుతుంది. వేసవిలో బిడ్డకు కాస్త గాలీ తగులుతుంది.

నా ఎంపిక ఇలా ఉంటుంది: మూడు కిలోల లోపు బిడ్డకు మొదటి రెండు వారాలు టేపు రకం, ఆ తర్వాత రాత్రికి ప్రీమియం కేర్ లేదా నేచర్ కేర్, పగటికి మామీపోకో లాంటి తక్కువ ధరది. 3.5 కిలోలతో పుట్టిన బిడ్డకైతే న్యూబార్న్ సైజు చిన్న ప్యాకెట్ ఒకటి చాలు. నాలుగు కిలోలు దాటగానే ఎస్ సైజు పడుతుంది, పెద్ద ప్యాకెట్ తెచ్చిపెట్టుకుంటే సగం మిగిలిపోతుంది.