కార్డు బాకీని పర్సనల్ లోన్‌కి మార్చాను: రెండేళ్ల తర్వాత నా మాట

కార్డు మీద లక్ష బాకీ పేరుకుపోయింది. వడ్డీ నెలకు మూడున్నర శాతం. నేను కట్టే 4,900లో 3,500 వడ్డీకే పోయేది, అసలులో తగ్గేది 1,400. అలాగే కట్టుకుంటూ పోతే 37 నెలలు పట్టేది, వడ్డీ ఒక్కటే 78 వేలు దాటేది. అందుకే 24 నెలల లోన్ తీసుకుని ఆ బాకీ తీర్చేశాను. ఆఖరి ఈఎంఐ పోయిన నెలలో అయిపోయింది. లోన్‌కి కట్టిన వడ్డీ 17,500. మార్చడం మంచిదే అయింది, కానీ రెండుచోట్ల దెబ్బతిన్నాను, ఒకచోట కొద్దిలో తప్పించుకున్నాను.

తప్పించుకున్నది ముందు చెబుతాను. లోన్ ఇచ్చేవాళ్లలో ఒకరు ఏడాదికి 16 శాతం అన్నారు, ఇంకొకరు 9 అన్నారు. సహజంగానే 9 వైపు మొగ్గాను. ఈఎంఐ అడిగితే 4,917 అన్నారు. 16 శాతం వాళ్లది 4,896! ఆ 9 ఫ్లాట్ రేటు. సగం అసలు తీర్చేశాక కూడా మొత్తం లక్ష మీదే వడ్డీ లెక్కేస్తారు. 16 శాతం వాళ్లది నెలనెలా తగ్గే బాకీ మీద వేసే వడ్డీ. అప్పటినుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: శాతం వినొద్దు, ఈఎంఐని నెలలతో గుణించి చూడండి.

మొదటి దెబ్బ ప్రాసెసింగ్ ఫీజు. 2 శాతం ముందే కోసుకున్నారు, చేతికొచ్చింది 98 వేలే. ఆ లెక్కన అసలు రేటు 18 దాకా పోయింది. తగ్గిన 2 వేలు నేనే వేసి, బిల్లులో ఉన్న లక్షా కార్డుకు కట్టేశాను.

బాకీ తీరిందనుకున్నాను. మరుసటి నెల 1,380 బిల్లొచ్చింది. కార్డు వడ్డీ రోజువారీగా పడుతుంది కదా, బిల్లు తయారైన రోజు నుంచి నేను కట్టిన రోజు వరకు 12 రోజుల వడ్డీ అది. బిల్లు తెరిచి చూడకపోవడంతో లేటు ఫీజు కూడా పడింది. ఇది నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే ఒక్క ఫోన్‌తో పోయేది. కట్టే రోజున కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "ఈ రోజుకి మొత్తం ఎంత కడితే సున్నా అవుతుంది?" అని అడగాలి. ఆ తర్వాత వచ్చే రెండు బిల్లులూ సున్నా చూపించే దాకా కార్డు వాడకపోవడం మేలు. పాత బాకీ కాస్త మిగిలినా కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు దక్కదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

బాకీని ఇంకో కార్డుకి మార్చుకుంటే ఆరు నెలలు సున్నా వడ్డీ అన్న బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కూడా చూశాను. ఫీజుతో కలిపి నెలకు 17 వేలు కట్టగలిగితే దానంత చవక ఇంకోటి లేదు. నా వల్ల కాదు. గడువు దాటాక మిగిలినదానికి మళ్లీ కార్డు వడ్డీయే పడుతుంది.