నూటికి మూడున్నర మిత్తి: ఆరేండ్లు క్రెడిట్ కార్డు వాడినాక

2019 నుంచి ఒకే క్రెడిట్ కార్డు వాడుతున్న. నల్గొండలో ప్రైవేట్ కొలువు, జీతం ఐదో తారీఖుకో ఏడో తారీఖుకో పడుతది. కార్డు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు గానీ, దాని స్టేట్‌మెంట్ చదవడం రావడానికే రెండేండ్లు పట్టింది. ఆ చదువుకు ఫీజు కూడా కట్టిన.

2021 జూన్ 20న క్లాక్ టవర్ దగ్గర ఒక షాపుల 24,000కు ఫ్రిజ్ కొని కార్డు గీకిన. నా స్టేట్‌మెంట్ ప్రతి నెల 12న వస్తది. జూలై 12 బిల్లుల టోటల్ డ్యూ 24,000, మినిమం డ్యూ 1,200, డ్యూ డేట్ ఆగస్టు 1. ఒకటో తారీఖుకు చేతుల పైసలు లేవు. మినిమం కడితే సరిపోతదిలే అనుకుని ఆ రోజే 1,200 కట్టేసిన. లేట్ ఫీజు పడలేదు, సిబిల్‌కూ దెబ్బ తగల్లేదు. మినిమం డ్యూ కట్టినందుకు దక్కేది అంతే. నేనేమో మిత్తి కూడా ఆగుతదనుకున్న.

ఆ నెల ఇంకేం కొనలేదు. అయినా ఆగస్టు 12 బిల్లు 24,510 వచ్చింది. 1,200 కట్టినంక బాకీ తగ్గాలె కదా, 510 పెరిగింది! ఎవరో కార్డు వాడేసిన్రేమో అని ముందు భయపడ్డ. తర్వాత కింద ఫైనాన్స్ చార్జెస్ అన్న లైన్ చూసి, కాగితం మీద లెక్క వేసిన.

నా కార్డుకు నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42. పూర్తి బిల్లు కట్టకపోతే మిత్తి డ్యూ డేట్ నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచి పడుతది. 24,000 మీద రోజుకు 27 రూపాయల 62 పైసలు. జూన్ 20 నుంచి ఆగస్టు 1 దాకా 42 రోజులకు 1,160. మిగిలిన 22,800 మీద ఆగస్టు 12 దాకా 11 రోజులకు 289. మొత్తం 1,449. దాని మీద 18 శాతం జీఎస్టీ 261. అన్నీ కలిపితే 1,710. నేను కట్టిన 1,200 అందుల ఎక్కడ పోయిందో కూడా కనపడలేదు.

ఈ కాగితం చూసి మా బాపు, "నూటికి మూడున్నరా? ఊర్ల రెండు రూపాల మిత్తికి తెస్తేనే నిద్ర పట్టకపాయె గదరా" అన్నడు. జీఎస్టీ కలిపితే 4 రూపాయల 13 పైసలు అని ఆయనకు చెప్పలేదు. మినిమం డ్యూ అయిదు శాతమే అనుకుందాం. నూటికి అయిదు కడితే అందుల 4.13 మిత్తికి, పన్నుకే పోతది. అసలుకు చేరేది 87 పైసలు. బాకీ ఏండ్ల తరబడి ఎందుకు ఒడవదో అప్పుడు అర్థమైంది. కట్టినా బాకీ పెరిగేలా మినిమం డ్యూ పెట్టొద్దని 2022లో ఆర్‌బీఐ నిబంధన తెచ్చింది. కానీ పెరగకపోవడం వేరు, తీరడం వేరు.

ఇంకో దెబ్బ తర్వాత తెలిసింది. చిట్టీ పైసలు రాంగనే ఆగస్టు 28న మొత్తం 24,510 కట్టేసిన. అయినా సెప్టెంబర్ బిల్లుల మళ్లీ మిత్తి 420, జీఎస్టీ 76! కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గట్టిగనే మాట్లాడిన. తప్పు నాదే. 12న బిల్లు తయారైనంక నేను కట్టిన 28 దాకా 16 రోజులు 22,800 బాకీ ఉన్నట్టే కదా. ఆ 496 కూడా కట్టినంక అక్టోబర్ బిల్లుల ఆ లైన్ సున్నా అయింది. అట్లా సున్నా కనిపించేదాకా కార్డు పక్కన పెట్టడమే మంచిది, ఎందుకంటే పాత బాకీ ఉన్నంత కాలం కొత్తగా పోయించుకున్న పెట్రోల్‌కు కూడా ఆ రోజు నుంచే మిత్తి నడుస్తది.

తారీఖుల సంగతి కొస్తే, 12న బిల్లు, 1న డ్యూ ఉన్నప్పుడు 12న కొంటే 20 రోజుల గడువే. ఒక్క రోజు ఆగి జూలై 13న కొంటే సెప్టెంబర్ 1 దాకా, అంటే 50 రోజులు. అయితే నా అసలు తిప్పలు గడువు కాదు, జీతానికి ముందే వచ్చే ఆ ఒకటో తారీఖు. బిల్లింగ్ తారీఖు మార్చుకునే హక్కు కూడా ఆ 2022 నిబంధనల్లోనే ఉంది. అడిగితే మార్చిన్రు. ఇప్పుడు బిల్లు 20న, డ్యూ తొమ్మిదో తారీఖు.

కార్డుకు అయిదుకు మూడున్నర ఇస్త. ఆ ఒకటిన్నర కోత యాప్‌కు: పే బటన్ నొక్కంగనే ఇప్పటికీ ముందు మినిమం డ్యూనే టిక్ పెట్టి చూపిస్తది.